కొట్టేసిన పేరా

2024 మార్చి 3, ఆదివారం రాత్రి మా మేనల్లుడు తన రాజీనామా లేఖను నాకు వాట్సాప్‌లో పంపాడు. వాడు మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఉద్యోగం మానేసి పూర్తిగా ఫ్రీలాన్స్ పనిలోకి దిగుతున్నాడు. నేను చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసినవాణ్ని కనుక, "పొద్దున్నే మేనేజర్‌కి మెయిల్ పెట్టేస్తున్నా మామయ్యా, ఒక్కసారి చూడు" అన్నాడు.

లేఖ ఒకటిన్నర పేజీ ఉంది. నేను మొదట చూసింది తేదీ.

"నువ్వు చేరింది ఎప్పుడురా?"

"2019 జూన్ 17."

"నోటీస్ పీరియడ్?"

"90 రోజులు."

రేపే లేఖ ఇస్తే జూన్ 2కి నోటీసు అయిపోతుంది. వాడికి ఐదేళ్ల సర్వీసు నిండేది జూన్ 16న. అప్పటి గ్రాట్యుటీ చట్టం కోరింది ఐదేళ్ల సర్వీసు. ఐదో ఏడు పూర్తికాకపోయినా ఇవ్వాల్సిందేనన్న కోర్టు తీర్పు ఒకటి ఉంది గానీ, కంపెనీ ఒప్పుకోకపోతే దాన్ని పట్టుకుని తిరగాల్సింది ఉద్యోగే. వాడి బేసిక్ 52,000. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 30,000. ఐదేళ్లకు లక్షా యాభై వేలు. రెండు వారాల తొందరకి అంత డబ్బు వదులుకోవడం దేనికి? మార్చి 20న లేఖ ఇస్తే 90 రోజులకు జూన్ 18 అవుతుంది. అప్పటికి ఐదేళ్లు నిండి రెండు రోజులు దాటుతుంది.

"సరే మామయ్యా, పదహారు రోజులు ఆగుతా" అన్నాడు.

తర్వాత లేఖలోకి వెళ్లాను. మేనేజర్‌కి కృతజ్ఞతలు, జట్టుతో జ్ఞాపకాలు, తొలి ప్రాజెక్టు సంగతులు రాశాడు. వాటితో ఎవరికీ పేచీ లేదు. నాలుగో పేరా దగ్గర మాత్రం ఆగిపోయాను.

"గత రెండేళ్లుగా రాత్రిళ్లు, సెలవు రోజుల్లో సొంతంగా ఫ్రీలాన్స్ పని చేస్తూ వచ్చాను. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల యాప్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా నేనే రాశాను. ఇక్కడ నేర్చుకున్న విద్యే నాకు ఆ ధైర్యం ఇచ్చింది. ఇకపై ఆ పనే పూర్తికాలం చేయబోతున్నాను."

"ఇది తీసెయ్" అన్నాను.

"ఎందుకు? అబద్ధం కాదుగా! ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా ముట్టుకోలేదు, నా సొంతదాని మీదే రాశాను."

"నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో అనుమతి లేకుండా బయటి పని చేయకూడదని ఉందా, లేదా?"

కాసేపు మాట్లాడలేదు. ఉంది. అనుమతి వాడు అడగలేదు.

రాజీనామా లేఖ ఉద్యోగి ఫైల్లో శాశ్వతంగా ఉండిపోయే కాగితం. దాన్ని హెచ్‌ఆర్ వాళ్లు కారణాల కోసం చదవరు. ఆఖరి పనిదినం ఎప్పుడు, నోటీసు సరిపోయిందా, అప్పగింతలు ఎవరికి అన్నవి చూసుకుంటారు. ఇలాంటి పేరా కంటపడితే మాత్రం లేఖ లీగల్ విభాగానికి వెళ్తుంది. అక్కడ మొదలయ్యే విచారణ తేలేదాకా రిలీవింగ్ లెటర్ చేతికి రాదు.

ఇద్దరం కూర్చుని తిరగరాశాం. చివరికి మిగిలింది ఇంతే: "నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. 90 రోజుల నోటీసు ప్రకారం నా ఆఖరి పనిదినం 2024 జూన్ 18. ఈలోగా నా పనులన్నీ అప్పగిస్తాను. రాజీనామా అంగీకరించి, రిలీవింగ్ తేదీని లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." కింద చిన్న కృతజ్ఞత.

"మరీ చప్పగా ఉంది మామయ్యా" అన్నాడు. "ఐదేళ్ల జీవితం నాలుగు ముక్కల్లోనా!"

అయినా మార్చి 20న దాన్నే పంపాడు. రెండో రోజుకే అంగీకారం వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. జూన్ 18న ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ అప్పగించి రిలీవింగ్ లెటర్ తీసుకున్నాడు. నెల తిరగకుండానే గ్రాట్యుటీ లక్షా యాభై వేలూ ఖాతాలో పడింది.

జులై 1 నుంచి వాడికి పెద్ద పని సిద్ధంగా ఉంది. అదే అపాయింట్‌మెంట్ల యాప్ కంపెనీ. నెలకు లక్షన్నర చొప్పున ఏడాది ఒప్పందం, అంటే 18 లక్షలు. ఆ కంపెనీలోకి ఒక పెట్టుబడిదారు వస్తున్నాడు. డబ్బు పెట్టేముందు వాళ్ల లాయరు, యాప్ కోడ్ ఎవరు రాశారో, దాని మీద ఇంకెవరికైనా హక్కు ఉందేమో ఆరా తీస్తున్నాడు. అందులో భాగంగా మావాణ్ని అడిగింది చిన్న కాగితమే: "మీరు ఇప్పుడు ఎక్కడా ఉద్యోగంలో లేరని రుజువు పంపండి."

రిలీవింగ్ లెటర్ ఒక్కటి పంపితే సరిపోయేది. వాడు అది పంపాడు. దానికి తోడు రాజీనామా లేఖ కూడా పంపాడు. ఆఫీసుకి ఇచ్చిన నాలుగు ముక్కల లేఖ కాదు, ఫోన్లో దాచుకున్న మొదటి లేఖ. "మీ యాప్ గురించి అందులో ఎంత బాగా రాశానో చూస్తారని" పంపాడట.

మర్నాడు లాయరు నుంచి జవాబు వచ్చింది. అది నాకు చదివి వినిపించేటప్పుడు వాడి గొంతు వణికింది. ఉద్యోగంలో ఉన్న రెండేళ్లలో ఈ కోడ్ రాసినట్టు మీరే చెప్తున్నారు కనుక మీ అపాయింట్‌మెంట్ లెటర్ ప్రతి పంపండి అన్నది మొదటి వాక్యం. పంపాడు. అందులో 11వ నిబంధన ఇలా ఉంది: ఉద్యోగకాలంలో ఉద్యోగి రాసే సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఆఫీసు వేళల్లో రాసినా బయట రాసినా, దాని హక్కులు కంపెనీవే. ఎవరి ల్యాప్‌టాప్ మీద రాశాడన్న మాటే అందులో లేదు.

అలాంటి నిబంధన కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే వాదన. డబ్బు పెట్టేవాడు ఆ వాదన తేలేదాకా ఆగడు. లాయరు ఒకటే దారి చూపించాడు: ఈ కోడ్ మీద మాకు ఏ హక్కూ లేదని మీ పాత కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెండి.

ఆ ఎన్‌ఓసీ అడగాలంటే మేం కొట్టేసిన పేరాని వాడు మళ్లీ రాయాలి. ఈసారి సరాసరి పాత కంపెనీ లీగల్ విభాగానికి.

వాడు అడగలేకపోయాడు. 18 లక్షల ఒప్పందం రద్దయింది. ఆ యాప్‌ను మొదటి నుంచీ తిరగరాసే పని ఇంకెవరికో ఇచ్చారు.

ఉద్యోగం చేస్తూ బయటి పని చేస్తున్నవాళ్లకు నా మాట ఒకటే. రాజీనామా లేఖ రాసే రోజు దాకా ఆగొద్దు. ఈరోజే మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, మీరు రాసే కోడ్ ఎవరిదని అందులో ఉందో చదవండి. మీది కాదని ఉంటే, తొలి లైను రాయకముందే కంపెనీ దగ్గర లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. వాళ్లు ఇవ్వకపోతే, ఆ పని ఆఖరి పనిదినం మర్నాడే మొదలుపెట్టండి.