దేవుడి దీపం, పాలిస్టర్ కర్టెన్

కార్తీక పౌర్ణమి సాయంత్రం తెలుగువారి అపార్టుమెంట్లలో ఏడాది బకాయి ఒక్కసారిగా తీరిపోతుంది. రోజూ దీపం పెట్టే తీరిక ఎవరికుంది? అందుకని 365 వత్తులను ఒకే కట్టగా కట్టి, నేతిలో నానబెట్టి, ఒకే ప్రమిదలో వెలిగించి దేవుడితో లెక్క తేల్చుకుంటారు. బ్యాంకుల భాషలో దీన్ని వన్‌టైమ్ సెటిల్‌మెంట్ అంటారు. కట్ట కూడా దుకాణంలో రెడీమేడ్‌గా దొరుకుతుంది కాబట్టి భక్తుడికి మిగిలిన శ్రమల్లా అగ్గిపుల్ల గీయడమే.

ఆచారంతో పేచీ లేదు. పేచీ అంతా చోటుతోనే. శివాలయం ఆవరణలో, ఆరుబయట వెలగాల్సిన కట్ట ఇప్పుడు మూడో అంతస్తు బాల్కనీలో, దండెం మీది తువ్వాళ్ల కింద, హాలు కర్టెన్ పక్కన వెలుగుతోంది. పక్కింటావిడ "అక్కడెందుకండీ?" అంటే జవాబు సిద్ధం: "దేవుడి దీపమండీ, ఏమీ చేయదు."

ఈ మినహాయింపు సంగతి నిప్పుకు ఎవరూ చెప్పలేదు.

మామూలు దీపంలో వత్తి కొస ఒక్కటే మండుతుంది. నూనె ఆ కొసకు ఎంత ఎక్కితే మంట అంతే, అందుకే అది బొటనవేలంత ఉంటుంది. 365 వత్తుల కట్టలో ప్రతి పోగూ నేతితో తడిసి ఉంటుంది. పైన పెట్టిన కర్పూరం అంటుకోగానే కట్ట పైభాగమంతా మండుతుంది. ఆ వేడికి లోపలి నెయ్యి ఇంకా కరిగి మంటకు అందుతుంది. కాసేపట్లో మంట అడుగెత్తు లేస్తుంది. ఫోన్లో వీడియో తీస్తున్నవారికి అది దైవానుగ్రహంలా కనిపిస్తుంది.

ఇక కర్టెన్. షాపువాడు సిల్కులా ఉంటుందని చెప్పి అమ్మినది చాలాసార్లు పాలిస్టరే. అది దాదాపు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. కర్టెన్‌ను దీపం దగ్గరికి ఎవరూ తీసుకురానక్కర్లేదు, బాల్కనీ తలుపు తీస్తే గాలే తీసుకొస్తుంది. కరిగిన పాలిస్టర్ మండుతూ బొట్లుబొట్లుగా రాలి, కింద ప్లాస్టిక్ చాప ఉంటే దాన్నీ అంటిస్తుంది. ఒంటిమీద పడితే చర్మానికి అతుక్కుంటుంది. కొవ్వొత్తికైనా ఒంటి దీపానికైనా అంటుకునే వస్తువు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలంటారు. అది చిన్న మంట లెక్క. అడుగెత్తు మంటకు, అందులోనూ పైవైపు, ఆ లెక్క ఏ మూలకూ చాలదు.

ఆచారం పేరు చెప్పేవారు ఆచారాన్ని పూర్తిగా పాటించినా సగం గొడవ తీరేది. కార్తీకంలో ఆకాశదీపాన్ని చిల్లుల పాత్రలో పెట్టి ధ్వజస్తంభం మీదికి ఎత్తుతారు. అక్కడ కర్టెన్ లేదు, పాకే పిల్లాడు లేడు. పోలి పాడ్యమి నాటి దీపం అరటి దొప్పలో నీళ్ల మీద పోతుంది. ప్రమిద కింద మరో ప్రమిద పెట్టమని పెద్దలు చెప్పేది దేనికోసమైనా, మట్టిలోంచి ఊరిన నూనెను ఆ రెండోది పట్టుకుంటుంది. అపార్టుమెంటు భక్తి వీటన్నిటినీ వదిలేసి ఒక్క మంటను మాత్రం ఇంటికి తెచ్చుకుంది.

గుడిలో దీపం వత్తిని కదిపిన ఎలుక మరుజన్మలో బలి చక్రవర్తి అయిందని పురాణగాథ. ఇంటి పిల్లికి అంత పుణ్యం మీద ఆశ ఉండదు, నేతి వాసన చాలు. మూతి పెడుతుంది, కాలగానే ఎగిరి దూకుతుంది, ప్రమిద ఒరిగిపోతుంది. కొండెక్కిన తర్వాత మిగిలిన నేతి వత్తులను కుక్క మింగినా ప్రమాదమే. ఆ దూది పేగుకు అడ్డంపడితే పశువైద్యుడు కోసి తీయాల్సి రావచ్చు. ఇంట్లో ఏడాది పిల్లాడుంటే వాడికి నేలమీది దీపం సరిగ్గా చేతికందే ఎత్తులో ఉంటుంది. మంట పోయాక కూడా ప్రమిద చాలాసేపు కాలుతూనే ఉంటుందని వాడికి తెలియదు.

అసలు ఘట్టం మంట పెరిగాక వస్తుంది. ఎవరో ఒకరు చెంబెడు నీళ్లు కుమ్మరిస్తారు. కాగిన నేతిలో పడ్డ నీరు క్షణంలో ఆవిరై, మండే నేతిని చుట్టూ ఎగజిమ్ముతుంది. మంట ఆర్పే పని మూత చేయాలి. మండే ప్రమిదను ఎత్తుకుని పరుగెత్తకుండా, పెద్ద స్టీలు గిన్నెను దానిమీద బోర్లిస్తే గాలి అందక మంట ఆగుతుంది. వెంటనే తీసి చూడకూడదు, చల్లారేదాకా అలాగే ఉంచాలి. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, పసుపు, ఐసు గడ్డ ఏవీ వద్దు, 20 నిమిషాలు కొళాయి నీటి ధార కింద ఉంచి డాక్టరుకు చూపించాలి.

ఈసారి 365 వత్తులు వెలిగించేవారు కట్టను గుడికి తీసుకెళ్లండి. అది కుదరకపోతే గాలి లేని వేళ డాబా మీద, ఇసుక పోసిన ఇనుప మూకుడులో వెలిగించి, కొండెక్కేదాకా పక్కనే ఉండండి. బాల్కనీలోనే పెట్టాలనుకుంటే దండెం ఖాళీ చేసి, కర్టెన్ ముడి వేసి, పిల్లినీ పిల్లాడినీ లోపల ఉంచి, ఒక్క వత్తి వెలిగించండి.