ఇబిడ్ గారి చిరునామా

ఒకపక్క నాగార్జున విశ్వవిద్యాలయం, ఇంకోపక్క నేలపాడులో హైకోర్టు. మధ్యలో మంగళగిరి. పరిశోధకులకూ ప్లీడర్లకూ కొదవలేని ఈ చుట్టుపక్కల నలుగురు పెద్దమనుషులు తిష్ఠవేశారు: ఇబిడ్ గారు, ఆప్ సిట్ గారు, ఎట్ ఆల్ గారు, సిక్ గారు. లాటిన్ ముక్క రాని మనం వీళ్లకు మాత్రం పేజీకో పీట వేస్తాం. అడుగున ఇబిడ్ కనిపిస్తే పైనున్నది పాండిత్యమేనని గైడు గారి నమ్మకం.

ఇబిడ్ అంటే 'పైన చెప్పినచోటే'. ఒక సిద్ధాంత గ్రంథంలో 12వ పాదసూచిక గోలక్‌నాథ్ తీర్పు, 1967. 13వది ఇబిడ్. "కేశవానంద భారతి కూడా చేర్చవయ్యా" అన్నారు గైడు గారు. కుర్రాడు రెంటి మధ్యా చేర్చాడు. కంప్యూటరు అంకెలు సర్దింది, ఇబిడ్ 14కి జరిగింది. కానీ ఇబిడ్ గారు పైనింట్లో ఎవరుంటే వాళ్ల చుట్టం! ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని గోలక్‌నాథ్ తీర్పులో కోకా సుబ్బారావు గారన్న మాట, ఆ తీర్పునే కొట్టేసిన 1973 నాటి తీర్పు ఖాతాలో పడింది. డాక్టరేటు మాత్రం ఆగలేదు.

ఆప్ సిట్ గారు ఇంకా ఘనులు. 'రావు, ఆప్ సిట్' అంటే రావు గారి వెనకటి పుస్తకం చూడమని. తెలుగునాట ఏ రావు? పోనీ, వెల్చేరు నారాయణరావు గారే అనుకుందాం. డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంతో కలిసి ఆయన 1992లో 'సింబల్స్ ఆఫ్ సబ్‌స్టెన్స్', 2001లో 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' రాశారు. రెంటినీ ఉదహరించాక ఆప్ సిట్ అంటే ఏది తెరవాలి? పైగా ఎట్ ఆల్ గారొకరు. మంగళగిరి పానకాలస్వామి సగం తాగి సగం మనకు వదులుతాడు. ఈయన ముగ్గురిలో ఇద్దరిని మింగి, ఒక్క 'రావు'ను ప్రసాదంగా పెడతాడు. ఇంటిపేరు వెల్చేరన్నది ఎటూ గల్లంతే.

సిక్ గారి ఉద్యోగం, 'ఈ తప్పు మూలంలోదే, నాది కాదు' అని చెప్పడం. మనం ఆయన్ని తెల్లదొరల కాలపు కాగితంలోని బెజవాడ పక్కన నిలబెడతాం. అది ఆనాటి పేరే, తప్పు కాదు. సొంత పేజీలోని తప్పుల దగ్గర మాత్రం ఆయన సెలవులో ఉంటాడు.

ఆక్స్‌ఫర్డ్ న్యాయవిభాగం తన ఉదహరింపుల నియమావళి ఓస్కోలా నాలుగో కూర్పులోనే ఆప్ సిట్ వద్దంది. 2017 నాటి షికాగో మాన్యువల్, ఇబిడ్ కన్నా కుదించిన పేరే మేలంది. దొరలు వదిలించుకున్న కోటు మనం ఇస్త్రీ చేయించి మరీ తొడుక్కుంటున్నాం.

అయ్యా, ఇంటిపేరు, పుస్తకం పేరులో రెండు ముక్కలు, పేజీ అంకె రాయండి. ఇబిడ్ లేకపోతే ప్రాణం పోతుందంటే, ఆఖరి ప్రతిలో సూచికలన్నీ ఖాయమయ్యాకే పెట్టండి. చదివేవాడికి దారి చూపని పాదసూచిక పేజీ నింపడానికే పనికొస్తుంది.