బాణం మీద నేను రాయనివి

గంజాం జిల్లాలో పుట్టినవాళ్ళకి మొగలి వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు. వానాకాలం వచ్చిందంటే ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు ఊళ్ళలో తెల్లారకుండానే మొగలి పొత్తులు కోసి, రాగి డేగుల్లో నీళ్ళు పోసి మరిగిస్తారు. ఆవిరితో పాటు దిగే నూనెలో ఎక్కువ భాగం ఒకటే పదార్థం, 2-ఫినైల్‌ఇథైల్ మిథైల్ ఈథర్. ఆల్కహాల్స్, ఈథర్స్ పాఠం చెప్పడానికి బరంపురం మాస్టారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ ఉదాహరణ మీదే నేను పిల్లలకి తప్పు నేర్పాను. నా అవివేకం వల్ల జరిగిన పని కాబట్టి, ఎలా జరిగిందో పూర్తిగా చెప్పడం నా బాధ్యత.

మా అక్క కూతురు ఇక్కడే బీఎస్సీ కెమిస్ట్రీ ఆనర్స్ రెండో ఏడు చదువుతోంది. పుస్తకం ఇంగ్లీషు, క్లాసులో మాట ఒడియా, ఇంటికొస్తే తెలుగు. పరీక్షలు దగ్గర పడుతుంటే వచ్చి, "మావయ్యా, చాప్టరంతా ఒక్క కాగితం మీద గీసి ఇవ్వవా? ఏ రీఏజెంట్ వేస్తే ఏమొస్తుందో కలిసిపోతోంది" అంది. ఏళ్ళ తరబడి ట్యూషన్ చెబుతున్నవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. పెద్ద డ్రాయింగ్ షీటు మీద మధ్యలో ఆల్కహాల్ పెట్టి, చుట్టూ బ్రోమైడ్, ఆల్కీన్, ఆల్డిహైడ్, ఆమ్లం, ఈథర్ పెట్టి, వాటిని బాణాలతో కలిపాను. ఒక్కో బాణం మీద ఒక్కో రీఏజెంట్ పేరు రాశాను. మెకానిజాలకు చోటు చాలలేదని అవి వేరే కాగితం మీదకి మార్చాను. ఉష్ణోగ్రతలు, సాల్వెంట్లు అయితే చాలా చోట్ల వదిలేశాను. చూడ్డానికి హౌరా, చెన్నై రైలు మార్గం పటంలా స్టేషన్లూ గీతలూ శుభ్రంగా కనిపించాయి. ఆ శుభ్రత చూసి నేను మురిసిపోయాను. తనకొక్కదానికే కాదు, నా దగ్గరికొచ్చే రెండో ఏడు పిల్లలందరికీ జిరాక్సులు తీయించి ఇచ్చాను.

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టాను. మొగలి నూనెలోని ఈథర్‌ని విలియంసన్ పద్ధతిలో తయారుచెయ్యడానికి దారి రాయమన్నాను. అలెగ్జాండర్ విలియంసన్ 1850లో చూపించిన పద్ధతే అది. ఆల్కాక్సైడ్, ఆల్కైల్ హాలైడ్ కలిస్తే ఈథర్. ఏ ఈథర్‌కైనా రెండు పక్కలుంటాయి కాబట్టి కాగితం మీద రెండు దారులు కనిపిస్తాయి. పిల్లలు దాదాపు అందరూ ఒకే దారి రాశారు: ఫినైల్‌ఇథైల్ బ్రోమైడ్ తీసుకుని సోడియం మెథాక్సైడ్‌తో వేడిచెయ్యాలి.

ఆ దారిలో వెళ్తే మొగలి వాసన రాదు. వచ్చేది ముఖ్యంగా స్టైరీన్, అంటే పాలీస్టైరీన్ ప్లాస్టిక్కుకి ముడిసరుకు.

వేరే వేరే పిల్లలు ఒకరిది ఒకరు చూడకుండా ఒకే తప్పు రాస్తే, తప్పు పిల్లల దగ్గర లేదన్నమాట. అది తెలుసుకోవడానికి కూడా నాకు టైము పట్టింది. ముందు వాళ్ళనే కేకలేశాను. మెకానిజం కాగితం చదవలేదా అని అడిగాను. మా మేనకోడలు తన జిరాక్స్ తెచ్చి నా ముందు పెట్టి, "బాణం మీద ఏముందో అదే రాశాను మావయ్యా. బ్రోమైడ్ నుంచి ఈథర్‌కి నువ్వే గీశావు కదా?" అంది. అవును, నేనే గీశాను.

అక్కడ నిజంగా జరిగేదేమిటో చూద్దాం. ఆ బ్రోమైడ్‌లో బ్రోమిన్ ఉన్న కార్బన్ ప్రైమరీ. ప్రైమరీ హాలైడ్ అయితే ఎస్ఎన్2, విలియంసన్‌కి అనుకూలం అని పుస్తకాలు చెబుతాయి. నేనూ అదే నమ్మి బాణం గీశాను. కానీ పక్క కార్బన్‌ని చూడలేదు. ఆ పక్క కార్బన్‌కి బెంజీన్ వలయం అంటుకుని ఉంది. దాని మీదున్న హైడ్రోజన్ మామూలు ఇథైల్ బ్రోమైడ్‌లోని హైడ్రోజన్ కంటే సులువుగా ఊడుతుంది, ఊడిన తర్వాత ఏర్పడే డబుల్ బాండ్ వలయంతో కలిసి స్థిరపడుతుంది. మెథాక్సైడ్ బలమైన బేస్ కూడా. దానికి రెండు పనులు చేతనవును: బ్రోమిన్ ఉన్న కార్బన్ మీద దాడి చెయ్యడం ఒకటి, పక్క హైడ్రోజన్‌ని లాక్కోవడం ఇంకొకటి. ఇక్కడ రెండోదే గెలుస్తుంది. దాని పేరు ఈ2. మామూలు ఇథైల్ బ్రోమైడ్‌తో అదే మెథాక్సైడ్ బుద్ధిగా ఈథర్ ఇస్తుంది. ప్రైమరీ అన్న ఒక్క మాట రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

రెండో దారి చూడండి. ఫినైల్‌ఇథైల్ ఆల్కహాల్ తీసుకోవాలి. గులాబీ నీళ్ళకి ఆ వాసన రావడానికి ముఖ్య కారణం ఈ ఆల్కహాలే. దాన్ని నీటి తడి లేని సాల్వెంట్‌లో సోడియం హైడ్రైడ్‌తో ఆల్కాక్సైడ్‌గా మార్చి, మిథైల్ అయొడైడ్ కలపాలి. ఆల్కాక్సైడ్ ఎంత బలమైన బేస్ అయినా, మిథైల్ అయొడైడ్‌కి పక్క కార్బనే లేదు. లాక్కోవడానికి పక్క హైడ్రోజన్ లేనప్పుడు ఈ2 అన్న మాటే రాదు. మిగిలింది ఎస్ఎన్2 ఒక్కటే.

```
PhCH2CH2Br  + CH3ONa → PhCH=CH2 (ముఖ్యంగా)
PhCH2CH2ONa + CH3I   → PhCH2CH2OCH3
```

ఈ రెండు వరుసలూ నా పాత పటంలో ఒకే రకం బాణాలుగా ఉన్నాయి. రైలు మార్గమైతే గీత ఉంటే చాలు, బండి నడుస్తుంది. రియాక్షన్‌లో గీత పక్కనే పోటీకొచ్చే ఇంకో రియాక్షన్ ఉంటుంది, ఎవరు గెలుస్తారన్నది చెప్పని గీత పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. మెకానిజాన్ని వేరే కాగితానికి మార్చినప్పుడు నేను పారేసింది సరిగ్గా ఆ సమాచారాన్నే.

ఇలాంటి చోటు ఇంకొకటి కూడా ఆ పటంలోనే ఉంది. ఇథనాల్ నుంచి రెండు బాణాలు గీసి, రెండింటి మీదా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, వేడి అని రాశాను. ఒకటి ఈథర్‌కి, ఒకటి ఇథిలీన్‌కి. 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువగా డైఇథైల్ ఈథర్ వస్తుంది, 170 దగ్గర ఎక్కువగా ఇథిలీన్ వస్తుంది. ఆ 140, 170 అన్నవి రాయకపోతే ఆ రెండు బాణాలూ పిల్లకి ఏమీ చెప్పనట్టే. అంకెలు రాయడానికి నాకు పట్టే సమయం అరనిమిషం. షీటు ఇరుకైపోతుందని మానేశాను.

మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని పటం మళ్ళీ గీశాం. ఈసారి ఫినైల్‌ఇథైల్ ఆల్కహాల్ ఒక్కదాన్నే మధ్యలో పెట్టాం. బాణం పైన రీఏజెంట్, కింద కండిషన్, బాణం మొదట్లో మెకానిజం పేరు, చివర్లో ఎరుపు ఇంకుతో పోటీదారు. ఫాస్ఫరస్ ట్రైబ్రోమైడ్ చల్లగా వేస్తే బ్రోమైడ్. పీసీసీ, డైక్లోరోమీథేన్‌లో అయితే ఆల్డిహైడ్ దగ్గర ఆగుతుంది. క్రోమిక్ ఆమ్లం నీళ్ళతో పాటు ఉంటే ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం దాకా పోతుంది. వేడి పర్మాంగనేట్ మాత్రం అక్కడా ఆగకుండా పక్క గొలుసునే తినేసి బెంజోయిక్ ఆమ్లం చేస్తుంది, కాబట్టి దాని పేరు ఎరుపు ఇంకులోకి వెళ్ళింది. బ్రోమైడ్ నుంచి మెథాక్సైడ్‌తో బయల్దేరే బాణాన్ని కొట్టేసి, దాని మొన స్టైరీన్ వైపు తిప్పాం.

ప్రొడక్ట్ పక్కన గుర్తుపట్టే పరీక్ష కూడా రాయాలని తనే అంది. మంచి ఆలోచన. స్టైరీన్ వచ్చిందో ఈథర్ వచ్చిందో తేల్చుకోవాలంటే కాస్త బ్రోమిన్ ద్రావణం చుక్కలుగా వేస్తే చాలు. స్టైరీన్‌లోని డబుల్ బాండ్ బ్రోమిన్‌ని పట్టుకుంటుంది, ఎరుపు గోధుమ రంగు పోతుంది. ఈథర్‌లో రంగు అలాగే నిలుస్తుంది, ఎందుకంటే కేటలిస్టు లేకుండా బెంజీన్ వలయం బ్రోమిన్ జోలికి అంత తేలిగ్గా పోదు.

తర్వాత ఈథర్ నుంచి బయటికి వెళ్ళే బాణాల దగ్గరికొచ్చాం. నీళ్ళతో మరిగిస్తే ఏమవుతుంది అని అడిగాను. "ఏమీ అవ్వదు. ఏదైనా అయ్యేదైతే డేగులో గంటల తరబడి మరిగించాక వాసన మిగలదు కదా" అంది. ఆ జవాబు విన్నాక నాకు చాలా సంతోషమేసింది. నీటికీ క్షారానికీ ఈథర్ చెక్కుచెదరదు కాబట్టే మొగలి నూనె దిగుతోంది. ఆ చోట బాణం గీయకుండా, మార్పు లేదు అని రాశాం. ఈథర్‌ని విడగొట్టాలంటే హైడ్రోజన్ అయొడైడ్ లాంటిది కావాలి. అప్పుడు అయొడైడ్ అయాన్ ఇరుకు తక్కువగా ఉన్న మిథైల్ వైపు నుంచి కొడుతుంది. మిథైల్ అయొడైడ్, ఫినైల్‌ఇథైల్ ఆల్కహాల్ విడిపోతాయి. ఆమ్లం ఎక్కువై వేడి కూడా తోడైతే ఆ ఆల్కహాల్ కూడా అయొడైడ్‌గా మారుతుంది. ఇదీ బాణం కింద రాశాం.

కొత్త పటంలో బాణాలు పాతదాంట్లో సగం కూడా లేవు. ఒక్క మాలిక్యూల్ చుట్టూ ఉన్నవే. దానికీ పరిమితి ఉంది. ఎంత శాతం ఏది వస్తుందో అది చెప్పదు. పటంలో లేని కొత్త హాలైడ్ ఎదురైతే పక్క కార్బన్ మీద ఏముందో పిల్లే చూసుకోవాలి. అందుకే పటం మూసేసి, తెల్లకాగితం మీద తనే మళ్ళీ గీయాలని, ఎరుపు ఇంకు మాటలు చూడకుండా రాయగలిగినప్పుడే చాప్టర్ అయినట్టని చెప్పాను. మొదటిసారి పటమంతా నేనే గీసి ఇవ్వడం కూడా నా అవివేకంలో భాగమే. ఏ బాణం ఎందుకు గీశానో ఆలోచించే పని తన దగ్గర్నుంచి లాగేసుకున్నాను.

పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి పాత జిరాక్సులు వెనక్కి తీసుకున్నాను. కానీ అవి వాళ్ళ స్నేహితులకీ వెళ్ళాయి, ఊళ్ళో ఇంకా తిరుగుతూనే ఉంటాయి. మీ ఇంట్లో రెండో ఏడు చదివే పిల్లల దగ్గర ఆల్కహాల్ మధ్యలో ఉన్న ఆ పెద్ద షీటు కనిపిస్తే, బ్రోమైడ్ నుంచి ఈథర్‌కి వెళ్ళే బాణం పక్కన హాలైడ్ పేరూ, పోటీకొచ్చే రియాక్షనూ రాసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే దయచేసి ఆ బాణం కొట్టేయించండి.