గేటు రిజిస్టరులో సంతకం పెట్టని పాము

హైదరాబాద్ శివారులోని ఒక అపార్టుమెంటు లిఫ్టులో కొత్త నోటీసు వెలిసింది. బాల్కనీ బయట బట్టలు ఆరేయరాదన్న నోటీసుకు పైన, మెయింటెనెన్సు బకాయిదారుల జాబితాకు కింద దానికి చోటు దొరికింది. విషయం: 'కాంపౌండులో కనిపించు అపరిచిత జంతువులను ఫోటో తీసి తెలియజేయు విధానము'. అపరిచిత జంతువు అంటే ఏమిటో కూడా కమిటీ నిర్వచించింది: 'ఏ ఫ్లాటుకూ చెందనిది, గేటు రిజిస్టరులో సంతకం పెట్టనిది'. ఈ లెక్కన బీ బ్లాకు అల్లుడుగారు కూడా ఆ కోవలోకే వస్తారు.

నోటీసుకు కారణం లేకపోలేదు. పార్కింగు ర్యాంపు మీద తడి సిమెంటులో ఓ పాదముద్ర పడింది. ఎవరో ఏటవాలుగా, బాగా జూమ్ చేసి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 2020 మే నెలలో లాక్‌డౌన్ వేళ కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుతను టీవీలో చూసిన ఊరిది. పది నిమిషాల్లో ర్యాంపు మీద చిరుత తిరిగిందని తేలిపోయింది. పిల్లల్ని ట్యూషన్‌కు పంపలేదు. పిల్లలు మాత్రం చిరుత రోజూ రావాలని కోరుకున్నారు.

అందుకే నోటీసులో మొదటి నిబంధన: పాదముద్రను సూటిగా పైనుంచి తీయాలి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టాలి. బిళ్ళ ఎవరికి వారే తెచ్చుకోవాలని ట్రెజరర్ ప్రత్యేకంగా రాయించారు. పనికొచ్చే నిబంధనే. బిళ్ళ లేకపోతే ముద్ర ఎంతదో తెలియదు, ఏటవాలుగా తీస్తే ఆకారం సాగుతుంది. చిరుతైనా పిల్లైనా నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి మామూలుగా ముద్రలో గోళ్ళు కనిపించవు. కుక్క ముద్రలో కనిపిస్తాయి. మళ్ళీ సరిగ్గా ఫోటో తీస్తే ర్యాంపు మీద నాలుగు గోళ్ళూ కనిపించాయి. వాచ్‌మన్ రోజూ అన్నం పెట్టే కుక్కే చిరుతై కూర్చుంది.

రెండో నిబంధన పాములది. మూడో అంతస్తు బాత్రూమ్‌లో నల్లగా, అడ్డ పట్టీలతో సన్నటి పాము కనిపించింది. గ్రూపులోకి వచ్చిన ఫోటోలో తోక, బకెట్టు, సగం బొటనవేలు ఉన్నాయి. 'కట్లపామే' అని ఎనిమిది మంది తీర్పిచ్చారు. వారిలో ఇద్దరు అమెరికాలో ఉన్నారు.

కట్లపామును పోలిన పాము ఒకటుంది. ఇంగ్లిష్‌లో వుల్ఫ్ స్నేక్ అంటారు, విషం లేదు. బల్లుల కోసం గోడలు, పైపులు పట్టుకుని మేడలెక్కుతుంది. సాధారణంగా దాని పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాములో అందుకు తారుమారు: తల దగ్గర పట్టీలు ఉండవు లేదా పలచగా ఉంటాయి, తోక వైపు తేటగా కనిపిస్తాయి. వెన్ను మీద నడిమి వరుస పొలుసులు పెద్దవిగా, ఆరు మూలలతో ఉంటాయి. ఒక్క తోక ఫోటోతో ఇదంతా తేల్చడం ఎవరివల్లా కాదు. తల నుంచి తోక దాకా ఒకే ఫోటోలో రావాలి. అయితే అలా రావాలని పామును చీపురుతో సర్దకూడదు.

'పాము పొడవుకు రెండింతల దూరానికి తగ్గకుండా నిలబడి జూమ్ వాడవలెను. సెల్ఫీలు అనుమతించబడవు' అని నోటీసు. ఫోటో అందకపోతే వదిలేసి తలుపు మూసి, కింది సందులో తువ్వాలు కుక్కాలి. బయటుంటే ఒకరు దూరం నుంచి కనిపెట్టుకుని ఉండాలి, ఎందుకంటే వచ్చేవారికి పాము పేరు కన్నా అది దూరిన చోటు ముఖ్యం. వచ్చేవారంటే అటవీ శాఖ వారో, 1995 నుంచి హైదరాబాద్‌లో పాములు పడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారో. కాటు పడితే మాత్రం ఫోటో కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కట్లపాము కాటు నొప్పి తెలియకపోవచ్చు కాబట్టి, 'నొప్పి లేదు కదా' అన్న సలహా ఎవరిదైనా చెల్లదు.

బాత్రూమ్ పామును పట్టడానికి వచ్చినతను తలుపు తీసి ఒక్క చూపులో తేల్చేశాడు: వుల్ఫ్ స్నేక్. గ్రూపులో 'నేను ముందే చెప్పాను' అని ఆ ఎనిమిది మందే రాశారు.

పోతూ పోతూ అతను ఇంకో మాట చెప్పాడు. 'సార్, మోరీకి జాలీ లేదు. వెనక చెత్త ఉంది, ఎలకలున్నై. లైటు కింద బల్లులున్నై. రమ్మన్నట్టే ఉంది.' కమిటీ ఆ రాత్రే అత్యవసరంగా సమావేశమైంది. చెత్త తీసే విషయం మునిసిపాలిటీకి, జాలీల ఖర్చు వచ్చే జనరల్ బాడీకి వాయిదా పడ్డాయి. ఎలకల వీడియో స్పష్టంగా రావాలని రెండు సీసీ కెమెరాలు ఏకగ్రీవంగా మంజూరయ్యాయి.