ఒకటిన్నర నిమిషం

జూన్ మొదటి వారం. పగలంతా నిప్పులు చెరిగిన ఎండ. రాత్రి తొమ్మిది దాటాక నిజాంపేటలో తొలివాన మొదలైంది. వాన అనగానే నాకు మిరపకాయ బజ్జీలు గుర్తొస్తాయి. ఇంట్లో చూస్తే శనగపిండి లేదు. ఫోన్లో బజ్జీలే ఆర్డరు పెట్టాను.

చెప్పిన టైముకే తలుపు దగ్గరికి వచ్చాడు కుర్రాడు. పాతికేళ్లుంటాయేమో. నిలువునా తడిసి ఉన్నాడు. పొట్లం నా చేతిలో పెట్టి, "ఓటీపీ చెప్పండి సార్" అన్నాడు.

నా కళ్లు అతని హెల్మెట్ మీద పడ్డాయి. పట్టీ గడ్డం కింద పెట్టుకోకుండా వేలాడుతోంది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఊరుకోగలనా?

"పట్టీ ఎందుకు పెట్టుకోలేదు బాబూ?"

"పగలు చెమటకు గడ్డమంత ఒరుసుకపోయింది సార్. వదులు చేసిన, మల్ల పెట్టుడు మర్చిన."

"కింద పడితే తల కంటే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది. అప్పుడది నెత్తిన ఉన్నా ఒకటే, ఇంట్లో ఉన్నా ఒకటే" అని దగ్గరుండి పెట్టించాను. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదని చూపించాను. మళ్లీ తీయించి లోపల చూశాను. గుడ్డ పొర పక్కకి జరిపితే ఒకచోట థర్మాకోల్ నొక్కుకుపోయి ఉంది. పోయిన నెల స్పీడ్ బ్రేకర్ దగ్గర జారి పడ్డాడట. పైకి చిన్న గీతే కదా అని వాడేస్తున్నాడు.

"దెబ్బని మింగేది పై డిప్ప కాదయ్యా, ఈ థర్మాకోలే. తను నలిగి తలని కాపాడుతుంది. ఒకసారి నలిగిందంటే మళ్లీ పొంగదు. రెండోసారి అదే చోట తగిలితే నలగడానికి అక్కడ ఏమీ మిగలదు. ఇది మార్చెయ్యాలి."

"మారుస్త సార్. ఓటీపీ..."

"చెబుతాను, ఆగు. ఇంకెంతదూరం వెళ్లాలి?"

"మియాపూర్‌ల ఇంకో ఆర్డరున్నది. మూడు కిలోమీటర్లు." చెబుతూనే ఆవులించాడు. పొద్దున పదకొండింటి నుంచి బండి మీదే ఉన్నాడట. అది దాటిస్తే ఈ రోజు ఇన్సెంటివ్ పడుతుంది, అప్పుడే ఇంటికి.

నిద్రమత్తు, తొలివాన, రెండూ కలిశాయి. ఇక నన్ను ఆపేదెవరు? తొలివానలో మొదటి పావుగంటే ప్రమాదమని చెప్పాను. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిలు, టైర్ల పొడి నీళ్లతో కలిసి జారుడు పొరలా తేలుతుంది. గట్టివాన పడితే అదే కొట్టుకుపోతుంది. మ్యాన్‌హోల్ మూతల మీదా, జీబ్రా గీతల రంగు మీదా బ్రేకు నొక్కవద్దన్నాను. చివరికి నాకిష్టమైన లెక్క దగ్గరికి వచ్చాను.

"నలభైలో వెళితే మూడు కిలోమీటర్లకి నాలుగున్నర నిమిషాలు. అరవైలో వెళితే మూడు. మిగిలేది ఒకటిన్నర నిమిషం. కానీ వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం రెండింతలు దాటుతుంది. తడిరోడ్డు మీద ఇంకా ఎక్కువ. ఆ ఒకటిన్నర నిమిషం కోసమా ప్రాణం పణంగా పెట్టడం?"

అతను ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. పాపం, నా స్టూడెంట్లలో ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు తక్కువ. మధ్యమధ్య ఫోన్ వైపు మాత్రం చూసుకుంటున్నాడు. అప్పుడు ఆ నాలుగంకెలు చెప్పాను. నొక్కి, రెండు మెట్లు దిగి, ఆగాడు.

"సార్, ఒక డౌటు. ఉరికితే మిగిలేది ఒకటిన్నర నిమిషమే అన్నరు. మీరు నన్ను ఈడ తొమ్మిది నిమిషాలు నిలబెట్టిన్రు. ఆ తొమ్మిది నిమిషాలు ఏ స్పీడ్‌ల పోతె వస్తయ్ సార్?"

నా దగ్గర జవాబు లేదు. అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ బిగించి, నేను చెప్పినట్టే రెండు వేళ్లు దూర్చి చూసుకున్నాడు. గేటు దాటాక బండి రొద చెవిలో పడింది. అది నలభైలో పోయే బండి రొద కాదు.

బజ్జీలు చల్లారిపోయాయి. ఫోన్ టింగుమంది.

'మీ ఆర్డరు 9 నిమిషాలు ఆలస్యమైనందుకు క్షమించండి. మీ ఖాతాలో 50 రూపాయలు జమ చేశాం. మా డెలివరీ పార్ట్‌నర్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారు?'