అరవై సెకన్లలో బావగారు

అమలాపురంలో ఎవరైనా “ఒక్క నిమిషం కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని” అన్నారంటే మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే అని అర్థం. అలాంటి ఊళ్లో ఏళ్ల తరబడి స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న మా బావగారిని, సరిగ్గా అరవై సెకన్లలో తన గురించి చెప్పి కూర్చోమన్నారు. ఊళ్లో కొందరు వ్యాపారులు కలిసి వారానికోసారి పొద్దున్నే సమావేశం పెట్టుకుంటున్నారు. వెళ్లిన ప్రతివాళ్లూ లేచి నిలబడి నిమిషం పాటు తమ గురించి చెప్పుకోవాలి. నిమిషం దాటితే బల్ల మీద గంట కొడతారు.

“గంట కొడతారేంట్రా, నేనేమైనా ఇంటర్మీడియట్ పరీక్ష రాస్తున్నానా?” అన్నారు బావగారు. నేను రిటైరైన తెలుగు మాస్టారిని. పెళ్లి శుభలేఖల నుంచి సన్మాన పత్రాల దాకా మా చుట్టాల్లో ఎవరికేం రాయాల్సి వచ్చినా కాగితం నా దగ్గరికే వస్తుంది. ఈ నిమిషం కూడా అలాగే వచ్చింది.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదులెండి. 1985లో ఐవన్ మైజ్నర్ అనే అమెరికా ఆయన కాలిఫోర్నియాలో బీఎన్ఐ అనే సంస్థ పెట్టి దీన్ని లోకమంతా పాకించాడు. ఒక్కో బృందంలో ఒక్కో వృత్తికి ఒక్కరే ఉంటారు. స్టీలు కొట్టాయన ఒకడు చేరితే రెండో స్టీలు కొట్టాయనకి చోటుండదు. ఒకరికొకరు బేరాలు పంపించుకోవాలి. పేరేదైనా ఇప్పుడు ఊరూరా పెడుతున్న ఇలాంటి సమావేశాల నడక ఇంచుమించు ఇదే. పోటీవాడు లేని గదిలో మాట్లాడటం అనగానే మా బావగారికి సగం ఆసక్తి పోయింది. ఎదురు కొట్టాయన్ని ఓ మాట అనకుండా ఆయనకి ప్రసంగం రక్తి కట్టదు.

ఆయన సొంతంగా రాసుకున్న మొదటి ప్రతి పట్టుకొచ్చారు. అయినవిల్లి విఘ్నేశ్వరుడికి నమస్కారంతో మొదలైంది. వేదిక మీదున్న పెద్దలకీ, వేదిక కింద ఉన్న పెద్దలకీ, ఇడ్లీ వడ్డిస్తున్న పెద్దలకీ వందనాలయ్యాయి. తర్వాత వాళ్ల తాతగారు ఇత్తడి బిందెలు పడవ మీద తెచ్చి రేవులో దించిన ఘట్టం. నేను గడియారం పెట్టుకుని చదివించాను. తాతగారు ఇంకా పడవ దిగకుండానే నిమిషం అయిపోయింది.

“మరి కొట్టెప్పుడొస్తుంది బావగారూ?”

“రెండో పేజీలో.”

తెలుగులో మాటలు పొడుగు. గొంతు సవరించుకుంటూ, ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా చెబితే నిమిషానికి వంద మాటలు దాటడం కష్టం. కాగితం మీద వంద మాటలంటే పోస్టుకార్డుకి ఓ పక్క నిండితే ఎక్కువ. అందుకని నమస్కారాలన్నిటినీ ఒక్క నమస్కారం చేశాను. తాతగార్ని పడవలోనే ఉంచేశాను. అక్కయ్య మాత్రం “తాతగారిని అలా నీళ్లలో వదిలేస్తావా” అని రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

రెండో ప్రతిలో తాతగారు పోయి సరుకు జాబితా వచ్చింది. బిందెలు, బేసిన్లు, గంగాళాలు, ఇడ్లీ పాత్రలు, కుక్కర్లు, టిఫిన్ క్యారియర్లు, పూజా సామగ్రి, హోటళ్లకి కావాల్సిన డేగిశాలు. చివర్లో “మీకు గాని, మీకు తెలిసిన ఎవరికైనా గాని, ఎలాంటి సామాను కావాలన్నా మా కొట్టుకే పంపండి” అని ముక్తాయింపు. నిమిషంలో సరిపోయింది. ఒక్క దేవుడి పటాలు తప్ప కొట్టంతా అందులో ఉంది.

ఇది ఎంతవరకు పనిచేస్తుందో చూద్దామని, నాకు గడ్డం గీసే ఆయన్ని కూర్చోబెట్టి బావగారి చేత చెప్పించాను. అయిపోయాక “ఈయనకి బేరం పంపాలంటే ఎవర్ని పంపుతారు?” అని అడిగాను. ఆయన సబ్బు బ్రష్షు కాసేపు గాల్లో ఆపి “ఎవరినైనా పంపొచ్చండి” అన్నాడు. ఎవరినైనా పంపొచ్చు అనుకున్న వాడు ఎవర్నీ పంపడు. ‘ఎవరైనా’ అనే మనిషి మనకి బజార్లో ఎదురుపడడు కదా. ఎదురుపడేది ఫలానా ముఖం, ఫలానా అవసరం. ఆ ముఖం కనబడగానే మా బావగారు గుర్తుకు రావాలి. నిమిషం ప్రసంగానికి ఉన్న పనల్లా ఇదొక్కటే. గదిలో కూర్చున్న పాతికమందికి బిందెలు అమ్మడం మన పని కాదు. వాళ్ల ఇళ్లలో బిందెలు నిండుకోలేదు. మన మాటని బయటికి మోసుకుపోవడానికి వాళ్లు కావాలి. మోసేవాడి చేతిలో ఒక్క వస్తువు పెడితే పట్టుకెళ్తాడు. కొట్టంతా నెత్తినెడితే అక్కడే దించేసి పోతాడు.

అయితే ఆ ఒక్క వస్తువు ఏది? ఇక్కడ మా ఇద్దరికీ పెద్ద వాగ్యుద్ధమే అయింది. బావగారికి స్టీలు రకాల గురించి చెప్పాలని ఉంది. అయస్కాంతం జేబులో వేసుకొచ్చి, అంటుకోకపోతే మంచి స్టీలని నమ్మే మహానుభావుల మీద ఆయనకి పీకలదాకా కోపం. మూడొందల నాలుగు రకంలో పద్దెనిమిది పాళ్లు క్రోమియం, ఎనిమిది పాళ్లు నికెలు ఉంటాయి. చౌకగా దొరికే రెండొందల రెండు రకంలో నికెలు తగ్గించి మాంగనీసు వేస్తారు. తమాషా ఏంటంటే ఈ రెండూ అయస్కాంతానికి ఇంచుమించు అంటుకోవు. కాబట్టి జేబులో అయస్కాంతం ఈ రెంటికీ తేడా చెప్పదు. ఉప్పూ చింతపండూ కలిసిన సరుకు అందులో నిలవ పెడితే చౌక రకానికి ముందుగా మచ్చ పడుతుంది. అప్పుడు తెలుస్తుంది. చక్కటి విషయమే, కాదనను. కానీ అది విన్నవాడు ఇంటికెళ్లి సొంత డబ్బాలు తిరగేసుకుంటాడు తప్ప మనిషిని పంపడు. దాన్ని మరో వారానికి దాచమన్నాను. ప్రతివారం నిమిషం ఇస్తున్నప్పుడు అన్నీ ఒక్కరోజే వడ్డించేయక్కర్లేదు.

“మీ కొట్లో ఎక్కువ లాభం ఎందులో?” అని అడిగాను. బావగారు చుట్టూ చూసి, పన్నుల వాళ్లెవరూ లేరని తేల్చుకుని, “సారెలో” అన్నారు.

కోనసీమలో సారె అంటే వేరే చెప్పాలా? కొత్త పెళ్లికూతురు అత్తారింటికి వెళ్తుంటే వెనకాల స్టీలు బకెట్లలో, డబ్బాల్లో కాజాలు, సున్నుండలు, గవ్వలు, అరిసెలు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కాస్త మెడ ఎత్తి మరీ కూర్చుంటోంది. సారె చూడ్డానికొచ్చిన వాళ్లు స్వీట్లు నోట్లో వేసుకుని, పాత్రలు చేత్తో ఎత్తి బరువు చూస్తారు. ఒక్కో ఇంటివాళ్లు ఒకేసారి బోలెడు పాత్రలు కొంటారు, వాటి మీద పేర్లు కొట్టించుకుంటారు. విడిగా ఒక గిన్నె కొనేవాడు గంట బేరమాడతాడు గాని, సారె కొనేవాళ్లకి బేరం కంటే సమయం ముఖ్యం. శుక్రవారం బండి బయల్దేరాలంటే గురువారానికల్లా పేర్లు పడాలి.

సరే, సారె కొనే ఇల్లు బావగారి కంటే ముందు ఎవరికి తెలుస్తుంది? గదిలో ఎవరెవరుంటారో ఆయన చేతే చెప్పించాను. బీమా ఆయన, టెంట్‌హౌస్ ఆయన, ఫోటోగ్రాఫరు, స్వీట్ల దుకాణం ఆయన, శుభలేఖలు అచ్చేసే ప్రెస్సు ఆయన, కంటి డాక్టరు. కంటి డాక్టరు దగ్గరికి పెళ్లివారు వెళ్లరు, వెళ్తే సంబంధం కుదరదు. ప్రెస్సు ఆయనకి మాత్రం ముహూర్తం అందరికంటే ముందు తెలుస్తుంది. స్వీట్ల ఆయనకి సారె తేదీ తెలుస్తుంది. కాబట్టి అడగాల్సింది వాళ్లిద్దర్ని. అదీ ఏం అడగాలో స్పష్టంగా చెప్పి అడగాలి. చివరికి కాగితం ఇలా తయారైంది:

“అందరికీ నమస్కారమండి. గడియార స్తంభం దగ్గర మాది స్టీలు సామాన్ల కొట్టు. ఈవేళ ఒక్క సారె సామాను గురించే చెప్తాను. పోయినేడు ఓ పెళ్లివారు బుధవారం సాయంత్రం వచ్చారండి. శుక్రవారం సారె బండి. బకెట్లు, డబ్బాలు అన్నీ తీసి, పేర్లు కొట్టి, గురువారం రాత్రికి ఇంటికి చేర్చాం. పేర్లు కొట్టినందుకు డబ్బులు తీసుకోం. ప్రెస్సు గారండీ, స్వీట్ల గారండీ, మీ దగ్గరికి ఆడపిల్ల తరఫు వాళ్లొస్తే ‘సారె సామాను కొన్నారా?’ అని ఒక్క మాట అడగండి. కొనలేదంటే నాకు ఫోను చేయండి. మిగతాది నేను చూసుకుంటాను. ఉంటానండి.”

తీరుబడిగా చదివినా గంటకి ముందే అయిపోయింది. ఏళ్లు, అనుభవం, నాణ్యత, నమ్మకం లాంటి మాటలు ఒక్కటీ లేవని బావగారు బాధపడ్డారు. ఆ గదిలో ప్రతివాడూ నాణ్యత అనే అంటాడండీ, కల్తీ మా ప్రత్యేకత అని ఎవడూ చెప్పుకోడు. బుధవారం వస్తే గురువారానికి ఇంటికి చేర్చామంటే నమ్మకం అందులోనే ఉంది.

సమావేశానికి నేనూ వెళ్లి వెనకాల కూర్చున్నాను. బావగారి కంటే ముందు మాట్లాడిన వాళ్లందరికీ సభ “సంతోషమండి” అంది. మన వైపు ‘సంతోషమండి’ అంటే విషయం ముగిసిందని, ఇక ఇడ్లీ తినొచ్చని. బావగారు కాగితం చూడకుండానే చెప్పారు. మధ్యలో ఎదురు కొట్టాయన ఊసు నాలుక చివరిదాకా వచ్చినట్టు కనిపెట్టి నేను దగ్గాను. కూర్చోగానే ప్రెస్సు ఆయన లేచి “ఎన్నాళ్లు ముందు చెప్పాలండి మీకు?” అని అడిగాడు. ప్రశ్న వచ్చిందంటే మాట దిగిందన్నమాట. మెచ్చుకోలు వంద వచ్చినా ఇలాంటి ప్రశ్న ఒక్కదాని విలువ చేయవు.

ఆ ప్రెస్సు ఆయన నిజంగానే పెళ్లివారిని పంపించాడు. పంపడమే కాదు, అచ్చేసిన శుభలేఖ కూడా బావగారి ఫోనుకి పంపాడు. ఇందులో ఇంకో సుఖం ఉంది. పేర్లు కొట్టడంలో అసలు ప్రమాదం అక్షర దోషం. ఇదివరకో సారెలో పెళ్లికొడుకు పేర్లో ఒక వత్తు ఎగిరిపోయింది. అత్తగారు ప్రతి డబ్బా తిరగేసి లెక్కపెట్టి, అన్నిటి మీదా ఎగిరిందని నిర్ధారించి, వాటితో పాటు మాటలు కూడా వెనక్కి పంపారు. కాగితం మీద చేత్తో రాసిచ్చిన పేరు మా బావగారి మిషను కుర్రాడు ఒకలా చదివాడు, రాసిన మేనమామ ఇంకోలా రాశాడు. ఇప్పుడు శుభలేఖ ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్న వత్తు ఉన్నట్టు కొడుతున్నారు.

“పద్ధతి బాగుందిరా,” అన్నారు బావగారు మొన్న, కొత్త బకెట్టు మీద పేరు వేలితో తడుముతూ. “ఇకనుంచి తప్పొస్తే ప్రెస్సాయనదే!”