మ్యాక్స్ అని పేరు పెట్టింది నేనే

తెనాలి షోరూమ్ మేనేజర్ ఫోన్ చేసి, "సార్, ఒక మేడమ్ గారు పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నారు. బండికి పేరు పెట్టినవాళ్లతోనే మాట్లాడతారట" అన్నాడు. ఆమె జూనియర్ కాలేజీ లెక్చరర్. రోజూ స్కూటర్ మీద విజయవాడ వెళ్లి వస్తారు, రానూపోనూ 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆమె కొన్నది మా మ్యాక్స్. ఇల్లు ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉండగానే చార్జింగ్ రెండు శాతానికి పడిపోతోంది. "మ్యాక్స్ అంటే అన్నిటికన్నా పెద్దది కాదా అండీ? పెద్ద బ్యాటరీ ఉంటుందనే కదా డబ్బు ఎక్కువైనా తీసుకున్నాను" అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ పేరు పెట్టింది నేనే.

అప్పటికి మా చిన్న కంపెనీలో మోడళ్లు రెండే. ఒకదాంట్లో 2.5 యూనిట్ల బ్యాటరీ, రెండోదాంట్లో 3.5 యూనిట్లది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్. చిన్నదానికి ప్లస్ అనీ, పెద్దదానికి ప్రో అనీ పేర్లు పెట్టాను. రెండే మెట్లు కాబట్టి ఏది పైదో ఎవరూ అడగలేదు. ఏడాదిన్నర తర్వాత ఊళ్లోనే తిరిగేవాళ్ల కోసం ఇంకో బండి చేశాం. చిన్న బ్యాటరీయే, కానీ టచ్ స్క్రీన్, దారి చూపే మ్యాప్, నాలుగు రైడింగ్ మోడ్‌లు, ఇలా హంగులన్నీ ఉన్నాయి. ధర ప్రో కంటే మూడు వేలు ఎక్కువైంది. హంగులు గరిష్ఠంగా ఉన్నాయి కదా అని దానికి మ్యాక్స్ అని పేరు పెట్టాను. మీటింగులో అందరూ బాగుందన్నారు, నాకూ చాలా నచ్చింది.

నేను చేసిన తప్పు ఆ మాటను ఎంచుకోవడం ఒక్కటే కాదు. స్కూటర్ కొనేవాళ్లు రెండు సంగతులు విడివిడిగా చూసుకుంటారు. ఎంత దూరం పోతుందనేది ఒకటి, ఏమేం హంగులున్నాయనేది రెండోది. మొదటిది బ్యాటరీని బట్టి ఉంటుంది, రెండోది స్క్రీనూ సాఫ్ట్‌వేరూ తేల్చే విషయం. ఒకటి పెరిగితే రెండోది పెరగాలని లేదు. ప్లస్, ప్రో, మ్యాక్స్ అనే పేర్లు మాత్రం ఒకే నిచ్చెనలా వినిపిస్తాయి. ఆ నిచ్చెన ఎక్కినకొద్దీ అన్నీ పెరుగుతాయనుకోవడం కొనేవాళ్ల పొరపాటు కాదు. పేర్లే వాళ్లకు ఆ మాట చెప్పాయి.

దాన్ని దిద్దబోయి ఇంకో తప్పు చేయబోయాను. మాటలు వద్దు, అంకెలు పెడదాం, అంకె అబద్ధం చెప్పదు అనుకున్నాను. చిన్న బ్యాటరీ బండికి సర్టిఫికెట్‌లో వచ్చిన రేంజ్ 95 కిలోమీటర్లు, పెద్దదానికి 135. అవే పేర్లుగా వేయించాలని పట్టుబట్టాను. ఆ సర్టిఫికెట్ రేంజ్ ల్యాబులో వస్తుంది. బండి చక్రాన్ని రోలర్ మీద తిప్పుతూ, ముందే నిర్ణయించిన వేగాల వరుసలో కొలుస్తారు. అక్కడ ఎదురుగాలి ఉండదు, వెనక కూర్చునే మనిషి ఉండడు, ఫ్లైఓవర్ ఎక్కే పని ఉండదు. రోడ్డు మీద యాభై, అరవై వేగంతో పోతే మా బండికి కిలోమీటరుకు 33 నుంచి 35 వాట్ అవర్లు ఖర్చవుతాయి. 2.5 యూనిట్లంటే 2,500 వాట్ అవర్లు. 35 తో భాగిస్తే 71 వస్తుంది. లెక్చరర్ గారి బండి ఇంటి దగ్గర్లో ఎందుకు నీరసపడుతోందో ఈ ఒక్క భాగహారంలో ఉంది. అలాంటి బండి పక్క ప్యానెల్ మీద 95 అని పెద్దక్షరాలతో రాయిస్తే, కొన్నవాళ్లు రోజూ ఆ అంకెనూ మీటరునూ పోల్చుకుంటూ మా మీద నమ్మకం పోగొట్టుకుంటారు. ఆరు నెలల తర్వాత టైర్లు మార్చి, మోటారు సాఫ్ట్‌వేర్ సరిచేసి మళ్లీ పరీక్ష చేయిస్తే 135 కాస్తా 142 అయింది. బ్యాటరీ అదే, బండి అదే, ఆ పేరు పెట్టి ఉంటే మాత్రం అప్పటికే పాతబడిపోయేది.

అప్పుడు కూర్చుని మిగతావాళ్లు ఏం చేశారో చూశాను. చేతక్‌లో 2901, 3501, 3502 లాంటి పేర్లు కనిపించాయి. మొదటి రెండంకెలు బ్యాటరీని చెబుతాయి, 35 అంటే 3.5 యూనిట్లు. ఇది నాకు బాగా నచ్చింది. బ్యాటరీ పరిమాణం దాని లేబుల్ మీదే అచ్చై ఉంటుంది. రోడ్డును బట్టి, ఎండను బట్టి, నడిపేవాళ్ల బరువును బట్టి అది మారదు. అయితే చివరి అంకె దగ్గర నేను ఆగిపోయాను. 3502 కంటే 3501 ఖరీదైన బండి. పరీక్షల్లో ఫస్ట్ ర్యాంకు పైన ఉన్నట్టు ఇక్కడ ఒకటి పైన ఉంది. ఒకే పేరులో మొదటి సగం పెరిగితే ఎక్కువ, చివరి సగం పెరిగితే తక్కువ. తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు గానీ, మొదటిసారి విన్నవాళ్లకు ఎవరో ఒకరు విడమర్చి చెప్పాల్సిందే.

హంగుల కోసం అక్షరం పెడదామంటే ఫోను గుర్తొచ్చింది. మా బుకింగుల్లో చాలా వరకు ఫోనులోనే మొదలవుతాయి. రోడ్డు పక్కన నిలబడి మాట్లాడేవాళ్లకు ఎస్, ఎక్స్ ఒకేలా వినిపిస్తాయి. బి, డి అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకని ఉన్న తేడానే పేరులో పెట్టాం. టచ్ స్క్రీన్ ఉన్న బండి పేరు చివర టచ్ అని ఉంటుంది, లేనిదానికి ఏమీ ఉండదు. అలా నాలుగు పేర్లు తేలాయి: 25, 25 టచ్, 35, 35 టచ్. రేపు 3 యూనిట్ల బ్యాటరీ వస్తే 30 కి మధ్యలో చోటుంది. ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు వేసుంటే ఆ చోటు ఉండేది కాదు.

మొదటి రోజే చేయాల్సిన పని ఈసారి చేశాను. పేర్లను చీటీల మీద రాసి క్యాంటీన్‌కు తీసుకెళ్లాను. వంటావిడకూ, గేటు దగ్గరి సెక్యూరిటీ అన్నకూ, ఇంకా కొందరికీ ఇచ్చి తక్కువ ధర నుంచి ఎక్కువ ధరకు పేర్చమన్నాను. ముందు పాత పేర్ల చీటీలు ఇచ్చాను. మ్యాక్స్ అందరి చేతుల్లోనూ చివరికే వెళ్లింది. ఎందుకలా పెట్టారంటే, పెద్ద బండి కదా అన్నారు. ధర విషయంలో వాళ్లు చెప్పింది నిజమే, కారణం మాత్రం తప్పు. లెక్చరర్ గారికి జరిగింది సరిగ్గా ఇదే. తర్వాత కొత్త పేర్లు ఇచ్చాను. 25 అడుగునా, 35 టచ్ పైనా అందరూ ఒకేలా పెట్టారు. 25 టచ్ దగ్గరా 35 దగ్గరా మాత్రం చేయి ఆగింది. "దీంట్లో బ్యాటరీ పెద్దది, దాంట్లో తెర ఉంది, ఏది ఎక్కువో ధర చూస్తే గానీ తెలీదు సార్" అన్నాడు సెక్యూరిటీ అన్న. ఆ రెండింటి మధ్య నిజంగానే పైకిందులు లేవు. కొనేవాళ్లు ఎక్కడ ఆగి ఆలోచించుకోవాలో అక్కడే ఆయన ఆగాడు. నేను మ్యాక్స్ అనే మాటతో కప్పేసింది ఆ చోటునే.

పేరు మార్చడం స్టిక్కర్ మార్చినంత తేలిక కాదని కూడా అప్పుడే తెలిసింది. వేరియంట్ పేరు టైప్ అప్రూవల్ కాగితాల్లో ఉంటుంది, రిజిస్ట్రేషన్‌లో ఉంటుంది, ఇన్సూరెన్సులో ఉంటుంది. కొత్త పేర్లకు కాగితాలన్నీ మళ్లీ నడిపించాం. అప్పటికే అమ్మిన బండ్లకు మాత్రం పాత పేర్లే మిగిలాయి. స్పేర్ పార్టుల జాబితాలో ఇప్పటికీ రెండు వరసలు రాసుకుంటున్నాం.

లెక్చరర్ గారికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. బండి మార్చి 3.5 యూనిట్లది ఇప్పించాం. అది ప్రో కాబట్టి, తేడా మూడు వేలూ ఆమెకు తిరిగి ఇచ్చాం. ఆమె వాపసు చేసిన మ్యాక్స్ తెనాలి షోరూమ్‌లోనే టెస్ట్ రైడ్ బండిగా ఉంది. ఈమధ్య వెళ్లినప్పుడు దాని పక్క ప్యానెల్ మీద పాత పేరు చూసి, మేనేజర్‌ను అడిగి స్టిక్కర్ తెప్పించి, 25 టచ్ అని నా చేత్తోనే అంటించి వచ్చాను. ఆర్‌సీలో మాత్రం మ్యాక్స్ అనే ఉంది.